మందు పేరుకు ఇంటిపేరు చివర

ముందుగా మూడు మందుల పేర్లు చదువుతాను, వినండి. అటెనొలాల్. ఎనలాప్రిల్. లోసార్టన్. ఇప్పుడు ఇంకో మూడు. మెటొప్రొలాల్. రామిప్రిల్. టెల్మిసార్టన్. ఫార్మకాలజీ పుస్తకం ఎన్నడూ తెరవని వాళ్లకి కూడా, రెండో వరసలో ఏ పేరు మొదటి వరసలో ఏ పేరుకు చుట్టమో ఈపాటికి చెవికే తెలిసిపోయి ఉంటుంది. అటెనొలాల్, మెటొప్రొలాల్ ఒక ఇంటివి. ఎనలాప్రిల్, రామిప్రిల్ ఒక ఇంటివి. లోసార్టన్, టెల్మిసార్టన్ మరో ఇంటివి. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, సొంతపేరు తరవాత వస్తుంది. మందులకి అది తిరగబడింది. సొంతపేరు ముందు, ఇంటిపేరు చివర. ఆ చివరి ముక్కనే ఫార్మకాలజీలో స్టెమ్ అంటారు.

పెద్దవాళ్లున్న ఇళ్లలో మందుల డబ్బా తెరిస్తే ఈ ఆరింటిలో ఒకటైనా కనబడుతుంది. అడిగితే "అది బీపీ బిళ్ల" అంటారు. ఇంట్లో ఆ మాట సరిపోతుంది. నర్సింగ్, ఫార్మసీ చదివే పిల్లలకీ, ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లకీ మాత్రం సరిపోదు. అయినా క్లాసులో అడిగితే చాలామంది చెప్పే జవాబు అదే. "ఒలాల్, ప్రిల్, సార్టన్, మూడూ బీపీ మందులే సార్." తప్పని అనలేం. కానీ స్టెమ్ పనికొచ్చేది అందుకు కాదు. మందు ఏ జబ్బుకో స్టెమ్ చెప్పదు, ఒంట్లో ఎక్కడ పనిచేస్తుందో చెబుతుంది. ఈ తేడా పట్టుకున్న విద్యార్థికి ఒక్క స్టెమ్‌తో పాటు నాలుగైదు జాగ్రత్తలు వాటంతట అవే గుర్తొస్తాయి. పట్టుకోని విద్యార్థి దగ్గర మూడు తోకలూ ఒక జబ్బు పేరూ మాత్రమే మిగులుతాయి.

అసలీ పేర్లు ఎవరు పెడతారో రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. ఒక్కో మందుకు మూడు పేర్లుంటాయి. కెమిస్ట్రీ వాళ్లు పెట్టే పేరు బారెడు ఉంటుంది, దాన్ని వార్డులో ఎవరూ పలకరు. కంపెనీ పెట్టుకునే బ్రాండ్ పేరు ఆ కంపెనీ సొత్తు. ఈ రెంటి మధ్యా ఎవరి సొత్తూ కాని పేరొకటుంటుంది, అదే జనరిక్ పేరు. ఒకే మందుకు దేశానికో పేరు ఉంటే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950లో ఈ పనికి పూనుకుంది. మొదటి జాబితా 1953లో వచ్చింది. కొత్త మందుకు ఒక పేరు ప్రతిపాదించి ప్రచురిస్తారు. అభ్యంతరాలు చెప్పడానికి నాలుగు నెలల గడువిస్తారు. ఆ తరవాతే అది ఖాయమవుతుంది. ఒకే రకంగా పనిచేసే మందులకు ఒకే స్టెమ్ ఉండాలన్నది వాళ్ల పద్ధతి. ఆ స్టెమ్‌లను బ్రాండ్ పేర్లలో వాడుకోవద్దని 1993లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానం కూడా చేసింది. అందుకని ఈ విద్యను బ్రాండ్ పేరు మీద ప్రయోగించకండి. బ్రాండ్ పేరు చివర ఏముందన్నది కంపెనీ ఇష్టం, దానికి ఏ అర్థమూ ఉండనక్కరలేదు.

ఇక ఒలాల్ సంగతి. మనకు భయమేసినప్పుడు గుండె దడదడలాడుతుంది కదా. అడ్రినలిన్ వచ్చి గుండె మీద ఉన్న బీటా రిసెప్టర్లను తాకడం వల్ల అలా జరుగుతుంది. ఆ రిసెప్టర్ దగ్గర అడ్రినలిన్‌కి చోటు లేకుండా చేస్తే గుండె నెమ్మదిస్తుంది, దానికి కావలసిన ఆక్సిజన్ తగ్గుతుంది, గుండెనొప్పి ఉన్న మనిషికి ఉపశమనం దొరుకుతుంది. స్కాట్లండ్‌కు చెందిన జేమ్స్ బ్లాక్ ఈ ఆలోచనతోనే ఐసీఐ కంపెనీలో పనిచేసి 1960ల మధ్యలో ప్రొప్రనొలాల్‌ను వాడుకలోకి తెచ్చాడు. దానికి ముందు ప్రొనెథలాల్ అని ఒకటి తయారైంది గానీ, ఎలుకల్లో కణుతులు కనిపించడంతో దాన్ని వదిలేశారు. బ్లాక్‌కి 1988లో నోబెల్ వచ్చింది. మరో కంపెనీకి మారాక కడుపులో ఆమ్లం తగ్గించే సిమెటిడిన్ వెనక ఉన్నదీ ఈయనే. అంటే ఫామొటిడిన్ లాంటి టిడిన్ల కుటుంబానికి కూడా మూలపురుషుడన్నమాట. ఒక్క మనిషి చేతి మీదుగా రెండు ఇళ్లు వెలిశాయి.

ఒలాల్ అని వినగానే విద్యార్థి మనసులో మెదలాల్సిన మాట బీటా బ్లాకర్. బీపీ కాదు. ఎందుకంటే ప్రొప్రనొలాల్‌ను మైగ్రేన్ తలనొప్పి రాకుండా ఇస్తారు, చేతులు వణికేవాళ్లకి ఇస్తారు, థైరాయిడ్ ఎక్కువై గుండెదడ ఉన్నవాళ్లకి ఇస్తారు. ఆ రోగుల్లో చాలామందికి బీపీ ఉండనే ఉండదు. బీటా బ్లాకర్ అన్న మాట గుర్తొస్తే మిగతాది తర్కంతో రాబట్టుకోవచ్చు. గుండె నెమ్మదిస్తుంది కనక మాత్ర ఇచ్చే ముందు నాడి చూడాలి. ఊపిరితిత్తుల గొట్టాల్లోనూ బీటా రిసెప్టర్లున్నాయి, అవి ఆ గొట్టాలను తెరిచి ఉంచుతాయి. వాటిని అడ్డుకుంటే గొట్టాలు బిగుసుకుంటాయి, కాబట్టి ఉబ్బసం ఉందా అని అడగాలి. షుగర్ పడిపోయినప్పుడు గుండెదడ, వణుకు మనిషిని హెచ్చరిస్తాయి. ఆ రెండూ అడ్రినలిన్ పనులే, ఒలాల్ వాటిని కప్పేస్తుంది. చెమట మాత్రం పడుతుంది. అందుకే ఇన్సులిన్ తీసుకునే మనిషికి "దడ రాకపోయినా ఒళ్లంతా చెమట పడితే షుగర్ చూసుకోండి" అని చెప్పాలి. వీటిలో ఏదీ విడిగా బట్టీ పట్టనక్కరలేదు. రిసెప్టర్ ఎక్కడెక్కడ ఉందో తెలిస్తే చాలు.

ఒలాల్‌కి సరిగ్గా ఎదురు పనిచేసే ఇల్లు కూడా ఒకటుంది. సాల్మెటెరాల్, ఫార్మొటెరాల్. టెరాల్ అని వినబడితే అది బీటా రిసెప్టర్‌ను ప్రేరేపించే మందు, ఇన్‌హేలర్లలో ఉంటుంది. వార్డులో హడావుడిగా చెబుతుంటే ఒలాల్‌కీ టెరాల్‌కీ తేడా చెవికి దొరకదు. ఒకటి గొట్టాన్ని మూస్తుంది, ఒకటి తెరుస్తుంది. అందుకే పిల్లలతో నేను చివరి అక్షరం వినమని అనను. చివరి ముక్క మొత్తం వినమంటాను. లాల్‌తో ముగిసిందా రాల్‌తో ముగిసిందా అన్నది అక్కడ ప్రాణం మీదికి వచ్చే ప్రశ్న.

ఇప్పుడు ప్రిల్, సార్టన్. ఈ రెంటినీ కలిపే చెప్పాలి, ఎందుకంటే రెండూ ఒకే దారి మీద కాపలా కాస్తాయి. నిలబడిన చోట్లు వేరు. ఆ దారి ఏమిటంటే, కిడ్నీ నుంచి రెనిన్ వస్తుంది. దానివల్ల రక్తంలో యాంజియోటెన్సిన్ ఒకటి తయారవుతుంది. ఏస్ అనే ఎంజైమ్ దాన్ని యాంజియోటెన్సిన్ రెండుగా మారుస్తుంది. ఈ రెండోది తన రిసెప్టర్‌కి తగిలితే రక్తనాళాలు బిగుస్తాయి, ఒంట్లో ఉప్పు, నీరు నిలుస్తాయి, బీపీ పెరుగుతుంది. ప్రిల్ ఆ ఎంజైమ్ దగ్గర ఆపుతుంది. సార్టన్ ఎంజైమ్ జోలికి పోదు, చివర ఉన్న రిసెప్టర్ దగ్గర ఆపుతుంది.

ప్రిల్ కథ బ్రెజిల్‌లో ఒక పాముతో మొదలైంది. జరరాకా అనే ఆ పాము కరిస్తే మనిషికి బీపీ పడిపోతుంది. దాని విషంలో బ్రాడీకైనిన్ అనే పదార్థం పనిని పెంచే వస్తువులున్నాయని 1960లలో సెర్జియో ఫెరీరా కనిపెట్టాడు. అవే ఏస్ ఎంజైమ్‌ను కూడా అడ్డుకుంటాయని తరవాత తేలింది. విషంలో ఉన్న పదార్థాన్ని మాత్రగా మింగించలేం. స్క్విబ్ కంపెనీలో డేవిడ్ కుష్మన్, మిగెల్ ఒండెట్టి అదే ఎంజైమ్‌కి సరిపోయే చిన్న అణువును తయారు చేశారు. అదే కాప్టొప్రిల్. అమెరికాలో 1981లో దానికి అనుమతి వచ్చింది. ఆ వెనక ఎనలాప్రిల్, లిసినొప్రిల్, రామిప్రిల్, పెరిండొప్రిల్ బారులు తీరాయి.

పాము సంగతి కథ కోసం చెప్పలేదు. ప్రిల్ వాడేవాళ్లలో కొందరికి పొడిదగ్గు వస్తుంది. ఎందుకని విద్యార్థిని అడిగితే "సైడ్ ఎఫెక్ట్ సార్" అంటాడు. కారణం బ్రాడీకైనిన్. యాంజియోటెన్సిన్ రెండును తయారుచేసే ఏస్ ఎంజైమే బ్రాడీకైనిన్‌ను విరగ్గొట్టే పని కూడా చేస్తుంది. ఎంజైమ్‌ను ఆపేశాక బ్రాడీకైనిన్ పేరుకుంటుంది. దానివల్లే గొంతులో గిలి, ఎడతెగని పొడిదగ్గు వస్తాయంటారు. అరుదుగా పెదవులు, నాలుక, గొంతు వాచే యాంజియోఎడిమా కూడా వస్తుంది, అది మాత్రం ప్రాణాంతకం. సార్టన్ ఎంజైమ్‌ను ముట్టుకోదు, బ్రాడీకైనిన్ మామూలుగానే విరిగిపోతుంది, అందుకే సార్టన్‌తో ఆ దగ్గు రాదనే చెప్పాలి. ప్రిల్‌తో దగ్గొచ్చిన మనిషిని సార్టన్‌కి మార్చడం అందుకే. లోసార్టన్ 1995లో అమెరికా మార్కెట్లోకి వచ్చాక ఈ వెసులుబాటు డాక్టర్లకు దొరికింది.

దారి ఒకటే కనక ఈ రెండు ఇళ్లకీ ఉమ్మడి జాగ్రత్తలున్నాయి. రెండూ పొటాషియం పెంచగలవు. రెంటితోనూ కిడ్నీ పరీక్ష, అంటే క్రియాటినిన్, చూసుకుంటూ ఉండాలి. రెండూ గర్భిణులకు పనికిరావు, కడుపులో బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి. వీటి బదులు ప్రసూతి వార్డులో బీపీకి వాడే లాబెటలాల్ పేరు అందరూ వినే ఉంటారు. అందులో తోక ఒలాల్ కాదు, అలాల్. బీటాతో పాటు ఆల్ఫా రిసెప్టర్‌ను కూడా అడ్డుకుంటుంది. ఒక గర్భిణి చీటీలో ప్రిల్ గానీ సార్టన్ గానీ కనబడిందంటే ఆమె గర్భం రాకముందు వాడుతున్న మందు ఇంకా ఆగలేదేమోనని విద్యార్థికి వెంటనే అనుమానం రావాలి. ఎవరో చెబితే గాని తెలియని విషయం కాదది, పేరులోనే ఉంది.

ఇదంతా చేతిలో ఎలా పనికొస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది నేను కల్పించినదే గాని, ఇలాంటివి ఓపీలో కొత్త కాదు. అరవై రెండేళ్ల పెద్దావిడ. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని వచ్చింది. నర్సింగ్ చివరి ఏడాది అమ్మాయి ఆమె చేతి సంచిలోంచి మందులు తీసి బల్ల మీద పెట్టింది. ఒక స్ట్రిప్ మీద రామిప్రిల్ ఐదు మిల్లీగ్రాములు. ఇంకోదాని మీద మెటొప్రొలాల్ సక్సినేట్ యాభై. మూడోది కలిపి చేసిన మాత్ర, టెల్మిసార్టన్ నలభై, ఆమ్లోడిపిన్ ఐదు. వాటితో పాటు కంటి చుక్కల సీసా, టిమొలాల్ అర శాతం.

అమ్మాయి అడిగింది, "పెద్దమ్మా, ఇవన్నీ ఒకే డాక్టర్ గారు రాశారా?"

"లేదమ్మా. ఈ రెండూ మా ఊళ్లో డాక్టరు గారు రాసినవి. ఈ పెద్ద మాత్ర మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లినప్పుడు అక్కడి డాక్టరు రాశారు. దగ్గొస్తోందంటే ఇచ్చారు. చుక్కల మందు కంటాసుపత్రిది."

"దగ్గు తగ్గిందా?"

"ఎక్కడ తగ్గింది తల్లీ, అలాగే ఉంది."

బ్రాండ్ పేర్లు చూస్తే ఈ నాలుగింటికీ ఏ సంబంధమూ కనబడదు. జనరిక్ పేర్ల చివరలు మాత్రం చదవండి. ప్రిల్. ఒలాల్. సార్టన్, దాని పక్కన డిపిన్. మళ్లీ ఒలాల్. ఇక జరిగినదేమిటో దాదాపు తెలిసిపోయినట్టే. రామిప్రిల్‌తో దగ్గొచ్చింది. రెండో డాక్టరు దాని బదులు సార్టన్ రాశారు, అది సరైన పనే. కానీ పాత స్ట్రిప్ ఆపాలన్న మాట ఆమెకు చేరలేదు, లేదా చేరినా అర్థం కాలేదు. ఆమె దృష్టిలో ఒకటి బీపీ బిళ్ల, ఇంకోటి దగ్గుకిచ్చిన బిళ్ల. రెండూ వేసుకుంటోంది. ప్రిల్ ఆగలేదు కనక దగ్గు ఆగలేదు. ఒకే దారిని రెండు చోట్ల మూసేశారు కనక, పైన ఆమ్లోడిపిన్ కూడా చేరింది కనక బీపీ మరీ పడిపోతోంది.

ప్రిల్, సార్టన్ కలిపి ఇస్తే ఇంకా మేలేమోనని డాక్టర్లు నిజంగానే ఒకప్పుడు అనుకున్నారు. ఆన్‌టార్గెట్ అనే పెద్ద పరిశోధనలో పాతిక వేలమందికి పైగా రోగులను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకి రామిప్రిల్, ఒక గుంపుకి టెల్మిసార్టన్, ఒక గుంపుకి రెండూ ఇచ్చి చూశారు. సరిగ్గా మన పెద్దావిడ సంచిలో ఉన్న రెండు మందులే. 2008లో ఫలితాలు వచ్చాయి. రెండూ కలిపి వేసుకున్నవాళ్లకి అదనపు లాభం ఏమీ రాలేదు. బీపీ మరీ పడిపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, కిడ్నీ దెబ్బతినడం లాంటి ఇబ్బందులు మాత్రం పెరిగాయి. అప్పటి నుంచీ ఆ జోడీని మామూలుగా రాయరు.

ఇక రెండు ఒలాల్‌లు. కంట్లో వేసే చుక్క కంట్లోనే ఉంటుందనుకుంటాం. ఉండదు. కంటి మూల నుంచి సన్నని నాళం గుండా ముక్కులోకి దిగి అక్కడి పొర మీదుగా నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన మాత్రలా ముందు కాలేయానికి పోయి సగం కరిగిపోవడం ఉండదు. అందుకే టిమొలాల్ చుక్కలతో నాడి తగ్గినవాళ్లున్నారు, ఉబ్బసం రేగినవాళ్లున్నారు. పెద్దావిడకి మెటొప్రొలాల్ లోపల ఉండగా కంటి దారిన ఇంకో బీటా బ్లాకర్ చేరుతోంది. అమ్మాయి నాడి చూస్తే నిమిషానికి యాభై. మందుల జాబితా రాసేటప్పుడు చాలామంది కంటి చుక్కలను అసలు లెక్కలోకే తీసుకోరు. రోగి కూడా "మందులేం వాడుతున్నారు" అంటే మాత్రలే చెబుతాడు. చుక్కలు, ఇన్‌హేలర్లు, పట్టీలు విడిగా అడగాల్సిందే.

అమ్మాయి చేయాల్సినది ఇక్కడ చాలా కచ్చితంగా ఉండాలి. తను ఏదీ ఆపమని చెప్పకూడదు. ముఖ్యంగా ఒలాల్‌ను ఉన్నపళంగా ఆపితే గుండె ఒక్కసారిగా ఎదురు తిరుగుతుంది, గుండెనొప్పి వచ్చే ప్రమాదముంది, ఆపాల్సొస్తే మెల్లగా తగ్గిస్తారు. పడుకున్నప్పుడు బీపీ, నిలబడ్డాక బీపీ, నాడి రాసుకుని, "సర్, ఈమె ప్రిల్, సార్టన్ రెండూ వేసుకుంటున్నారు. మెటొప్రొలాల్‌తో పాటు టిమొలాల్ చుక్కలు కూడా వాడుతున్నారు. నాడి యాభై ఉంది" అని డాక్టరుకి చెప్పాలి. పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు, ఈసీజీ ఆయన చూసుకుంటారు. కంటి డాక్టరుతో మాట్లాడి చుక్కలు మార్చాలా అన్నదీ ఆయనే తేలుస్తారు. ఈలోగా చుక్క వేసుకున్నాక రెండు నిమిషాలు కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను వేలితో నొక్కి ఉంచితే మందు రక్తంలోకి పోవడం తగ్గుతుంది. ఆ పద్ధతి పెద్దావిడకి అమ్మాయే చూపించి చెప్పొచ్చు.

ఇంత పని చేసే ఈ ఇంటిపేర్లు ఎక్కడ మోసం చేస్తాయో కూడా చెప్పాలి. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అందరూ చుట్టాలు కారు కదా. స్టానొజొలాల్ అని ఒక మందుంది. చెవికి నికార్సైన ఒలాల్‌లా వినిపిస్తుంది. అది బీటా బ్లాకర్ కాదు, కండలు పెంచే అనబాలిక్ స్టెరాయిడ్. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పందెం గెలిచిన బెన్ జాన్సన్ పతకం పోగొట్టుకున్నది దీనివల్లే. ఒలాల్‌ల ఆద్యుడు జేమ్స్ బ్లాక్‌కి నోబెల్ వచ్చిన ఏడాదే, ఒలాల్ కాని ఈ ఒలాల్ పేపర్లకెక్కడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. ఇక ఒలాల్ అనకుండా ఒట్టి ఆల్ అన్న ధ్వని పట్టుకుని పోతే పారాసెటమాల్, ట్రమడాల్, అలోప్యూరినాల్ అన్నీ బీటా బ్లాకర్లయిపోతాయి. పరీక్షల్లో ఆ జవాబులు నేను దిద్దాను కూడా.

ఇంతకంటే ప్రమాదకరమైనది సాకుబిట్రిల్. గుండె బలహీనపడి హార్ట్ ఫెయిల్యూర్ వచ్చినవాళ్లకి వాల్సార్టన్‌తో కలిపి ఒకే మాత్రగా ఇస్తారు. తొందరగా వింటే ఇదీ ప్రిల్ అనిపిస్తుంది. కానీ దాని తోక ట్రిల్. అది ఆపేది ఏస్‌ను కాదు, నెప్రిలైసిన్ అనే మరో ఎంజైమ్‌ను. ఈ నెప్రిలైసిన్ కూడా బ్రాడీకైనిన్‌ను విరగ్గొడుతుంది. ఇందాకటి దగ్గు సంగతి గుర్తుందా? ప్రిల్ ఒక ఎంజైమ్‌ను ఆపి, ట్రిల్ రెండో ఎంజైమ్‌ను ఆపితే బ్రాడీకైనిన్‌కి విరిగే దారి బాగా మూసుకుపోతుంది, గొంతు వాచే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ప్రిల్ వాడుతున్న మనిషికి ఆఖరి మాత్ర తరవాత 36 గంటలు గడిచేదాకా సాకుబిట్రిల్ ఇవ్వరు. అటు నుంచి ఇటు మార్చినా అంతే వ్యవధి. పేరులో ఒక్క హల్లు తేడా, వార్డులో ఒకటిన్నర రోజు తేడా. పైగా ఆ మాత్రలో వాల్సార్టన్ ఎలాగూ ఉంది, రోగి సంచిలో ఇంకో సార్టన్ ఉంటే అదీ పట్టుకోవాలి.

స్టెమ్ చెప్పని విషయాలు కొన్ని ఉన్నాయి, వాటికి పుస్తకం తెరవక తప్పదు. ఒలాల్ అన్న తోక బీటా బ్లాకర్ అంటుంది గాని, గుండె మీద ఉన్న బీటా వన్ మీద ఎక్కువ పనిచేస్తుందా, ఊపిరితిత్తుల్లో ఉన్న బీటా టూనీ అంతే అడ్డుకుంటుందా అన్నది చెప్పదు. ప్రొప్రనొలాల్ రెంటినీ అడ్డుకుంటుంది. బిసొప్రొలాల్, మెటొప్రొలాల్, అటెనొలాల్ గుండెకే మొగ్గుతాయి, అదీ మోతాదు పెరిగితే ఆ మొగ్గు సడలుతుంది. అటెనొలాల్ కిడ్నీ ద్వారా బయటికి పోతుంది, ప్రొప్రనొలాల్‌ను కాలేయం కరిగిస్తుంది. కిడ్నీ జబ్బున్న మనిషికి ఈ తేడా ముఖ్యం, పేరులో మాత్రం దాని జాడ లేదు. మెటొప్రొలాల్ వెనక టార్ట్రేట్ అనుంటే మామూలుగా రోజుకు రెండుసార్లు, సక్సినేట్ అనుంటే నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర కాబట్టి రోజుకొకసారి. ఆ వెనక మాటను చదవకుండా వదిలేస్తే మందు సరైనదే, మోతాదు తప్పు.

నేర్చుకునే పద్ధతి గురించి అడిగే పిల్లలకు నేనొక పని చెబుతాను. స్టెమ్‌ల పట్టిక పెద్దది గోడకి అంటించుకుని వరసగా చదవకండి. వారానికి ఒక స్టెమ్ తీసుకోండి. అది ఏ రిసెప్టర్ మీదో ఏ ఎంజైమ్ మీదో పనిచేస్తుందో రాసుకోండి. ఆ రిసెప్టర్ ఒంట్లో ఇంకా ఎక్కడెక్కడ ఉందో రాసుకోండి. జాగ్రత్తలన్నీ ఆ రెండో వాక్యంలోంచే పుడతాయి. ఆ తరవాత ఇంట్లో ఉన్న స్ట్రిప్‌లు తీసి, బ్రాండ్ పేరు మీద వేలు అడ్డం పెట్టి, జనరిక్ పేరు చదవండి. 2018 నుంచి మన దేశంలో జనరిక్ పేరును బ్రాండ్ పేరు కంటే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలన్న నిబంధన వచ్చింది, కొన్ని కలిపిచేసిన మందులకు మినహాయింపు ఉంది. కలిపిచేసిన మాత్రలోనే రెండో మందు దాక్కుంటుంది గనక, అక్కడే చిన్న అక్షరాలు ఓపిగ్గా చదవండి. విదేశాల్లో ఉద్యోగాలకు పరీక్షలు రాసే మన నర్సులు, ఫార్మసిస్టులు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. అమెరికాలో పారాసెటమాల్‌ని అసెటమినొఫెన్ అంటారు, సాల్బుటమాల్‌ని అల్బుటెరాల్ అంటారు. ఒలాల్, ప్రిల్, సార్టన్ మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

ఇక నాలుగు పేర్లు చెబుతాను, కాగితం మీద రాసుకోండి. ట్రాండొలప్రిల్. బెటాక్సొలాల్ కంటి చుక్కలు. ఆజిల్సార్టన్. బోసెంటన్. ఈ నాలుగింటిలో మనం ఇవాళ మాట్లాడుకున్న మూడు ఇళ్లకూ చెందనిది ఒకటుంది.

మొదటిదాంట్లో మధ్యలో డొల అని వినబడి తికమక పడతారు. తోక ప్రిల్, కాబట్టి దగ్గు గురించి, గర్భం గురించి అడగాలి. రెండోది ఒలాల్. గుండెకే ఎక్కువ మొగ్గే రకం కనక టిమొలాల్ కంటే ఊపిరితిత్తులకు కొంత నయం, అయినా ఉబ్బసం ఉందా అని అడగడం మానకూడదు. మూడోది సార్టన్ అని చెప్పనక్కరలేదు. బోసెంటన్ తోక మాత్రం ఎంటన్. అది యాంజియోటెన్సిన్ రిసెప్టర్‌ను కాదు, ఎండోథీలిన్ అనే మరో పదార్థం రిసెప్టర్‌ను అడ్డుకుంటుంది. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగే జబ్బుకు వాడతారు. కాలేయ పరీక్షలు చూసుకుంటూ ఇవ్వాల్సిన మందు అది. గర్భిణులకు అదీ నిషిద్ధమే.